జర్మనీలో ఉద్యోగం రాలేదని మెయిల్ వచ్చాక, కారణం అడిగే పద్ధతి

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల నుంచి వచ్చి జర్మనీలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ దొరుకుతుంది. ఆ నెలల్లో ఎక్కువగా చూసేది ‘ఆప్‌జాగె’, అంటే ఉద్యోగం ఇవ్వడం లేదని చెప్పే మెయిల్. మీ దరఖాస్తుకు ధన్యవాదాలు, ఇంకొకరిని ఎంచుకున్నాం అని ఉంటుంది. ఎందుకో మాత్రం ఉండదు.

దీన్ని అవమానంగా తీసుకోకండి. ఇక్కడ 2006 నుంచి వివక్ష నిరోధక చట్టం ఉంది. జాతి, మతం, వయసు, ఆడ మగ తేడా, వైకల్యం లాంటి కారణాలతో తనను కాదన్నారని అభ్యర్థి అనుకుంటే, ఆప్‌జాగె అందిన రెండు నెలల్లోపు రాతపూర్వకంగా పరిహారం అడగవచ్చు. మెయిల్లో అజాగ్రత్తగా రాసిన ఒక్క మాట కూడా సాక్ష్యం అవుతుంది. అందుకే చాలా కంపెనీలు కారణం రాయవద్దని రిక్రూటర్లకు ముందే చెప్పి పెడతాయి. మీ మెయిల్ ఫిర్యాదులా వినిపిస్తే ఆ తలుపు పూర్తిగా మూసుకుంటుంది.

మా పిన్ని కొడుకు సంగతి చెప్తాను. ఊరు హసన్‌పర్తి, డేటా అనలిస్టు ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాడు. ఒకచోట రెండో రౌండ్ దాకా పోయాడు. గురువారం సాయంత్రం ఆప్‌జాగె వస్తే పది నిమిషాల్లో జవాబు రాశాడు: “అన్ని ప్రశ్నలకూ సరిగ్గానే చెప్పాను. నన్ను ఎందుకు తీసుకోలేదు? దయచేసి మళ్లీ పరిశీలించండి.” జవాబు రాలేదు. సోమవారం ఇంకోటి పంపాడు, బుధవారం మూడోది. తర్వాత నాకు ఫోన్ చేసి, “అన్నా, నేను తప్పేం అడిగిన?” అన్నాడు.

అడగడం తప్పు కాదు. కానీ ‘ఎందుకు తీసుకోలేదు’ అంటే వాళ్ల నిర్ణయానికి సంజాయిషీ అడిగినట్టు. ‘సరిగ్గానే చెప్పాను’ అంటే వాదన మొదలుపెట్టినట్టు. ‘మళ్లీ పరిశీలించండి’ మన దగ్గర మర్యాదైన విన్నపమే, ఇక్కడ మాత్రం ఒత్తిడిగా వినిపిస్తుంది.

తర్వాతి కంపెనీలోనూ రెండో రౌండ్ తర్వాత ఆప్‌జాగె వచ్చింది. ఈసారి ఒక రోజు ఆగమన్నాను. మరునాడు పొద్దున ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులో మెయిల్ రాశాం. దాని భావం ఇది: “తెలియజేసినందుకు ధన్యవాదాలు. మీ నిర్ణయం అర్థమైంది. ముందు ముందు ఇలాంటి ఉద్యోగాలకు ప్రయత్నిస్తాను కాబట్టి, నేను మెరుగుపరచుకోవాల్సింది ఒక్కటి చెప్పగలిగితే మేలు. రాయడం కుదరకపోతే ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడినా సరే. వీలుకాకపోయినా పర్వాలేదు.”

ఇందులో పని చేసేది ఫోన్ మాట. రాయలేనిది నోటితో చెప్పడం రిక్రూటర్‌కు తేలిక. నాలుగు రోజులకు ఆమే ఫోన్ చేసింది. సాంకేతికంగా ఇబ్బంది లేదని, క్లయింట్లతో మాట్లాడే పనికి జర్మన్ చాలలేదని, ప్రాజెక్టు గురించి చెప్పేటప్పుడు ఫలితం చివర వచ్చిందని చెప్పింది. “బీ1 క్లాసులకు పోతున్న కదా” అని మావాడి నోటిదాకా వచ్చిందట. ఆపుకున్నాడు. ఆపుకోవడం చాలా అవసరం. మనం సర్దిచెప్పడం మొదలుపెడితే అవతలివాళ్లు రెండో విషయం చెప్పరు. వాడు ఒక్కటే అడిగాడు: “ఫలితం ముందు చెప్పి, ఎలా చేశానో తర్వాత చెప్తే బాగుండేదా?” ఆమె అవునంది. ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు.

ప్రతి ఆప్‌జాగెకూ ఇలా రాయకండి. ఇంటర్వ్యూ జరగకుండా, noreply అడ్రసు నుంచి వచ్చినదాని వెనుక మీ గురించి చెప్పగలిగే మనిషి ఉండకపోవచ్చు. మీతో మాట్లాడిన మనిషి ఉన్నప్పుడే అడగండి, అదీ వారం లోపు, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు. జవాబు రాకపోతే వారం, పది రోజులకు ఒక చిన్న మెయిల్ చాలు. మూడోది వద్దు. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కు లింక్డిన్‌లో విడిగా రాయడం కూడా రిక్రూటర్‌ను దాటి పోయినట్టే.

ఉద్యోగం ఎవరికి వచ్చిందని అడగకండి. ఆ వివరం చెప్పి తీరాలన్న హక్కు తిరస్కరించిన అభ్యర్థికి లేదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012లోనే తీర్పు ఇచ్చింది. నిజంగా వివక్ష జరిగిందనిపిస్తే అది వేరే దారి. ఫీడ్‌బ్యాక్ మెయిల్లో దాన్ని కలపకుండా, రెండు నెలల గడువు దాటకముందే లాయర్‌నో సలహా కేంద్రాన్నో కలవండి.

ఆ కంపెనీ నచ్చితే, ఫోన్ తర్వాత రాసే ధన్యవాదాల మెయిల్లో ఒక వాక్యం కలపండి: “ఇలాంటి అవకాశాల కోసం నా వివరాలు ఉంచుకోవడానికి నాకు సమ్మతమే.” చాలా కంపెనీలు దరఖాస్తు కాగితాలను ఆరు నెలల వరకే ఉంచుతాయి. ఇంకా ఎక్కువ కాలం ఉంచుకోవాలంటే వాళ్లకు మీ అనుమతి కావాలి.