మొక్క కణానికి కవచం, పెద్ద రిక్తిక ఎందుకో ఎర్ర ఉల్లిపాయతో చూపించడం ఎలా?

పాఠంలో రెండు బొమ్మలు పక్కపక్కన ఉంటాయి. మొక్క కణంలో కణకవచం, పెద్ద రిక్తిక ఉంటాయి, జంతు కణంలో ఉండవు. పిల్లలు ఆ తేడాల పట్టిక బట్టీ పట్టేస్తారు. "మరి మనకెందుకు లేవు?" అని అడిగితే "మనకి ఎముకలున్నాయి కదా సార్" అంటారు. పర్లాకిమిడిలో నా దగ్గర ట్యూషన్‌కి కూర్చునే వాళ్లలో ఒడియా మీడియంలో చదివే పిల్లలున్నారు, మహేంద్రతనయ దాటి పాతపట్నం నుంచి వచ్చే తెలుగు మీడియం పిల్లలున్నారు. రెండు వైపులా ఇదే జవాబు. వానపాముకి ఎముకలు ఎక్కడున్నాయి? దాని కణాలకీ కవచం లేదుగా!

తప్పు గుంటలది కాదు. కవచాన్ని ఒక పాయింటుగా, రిక్తికను ఇంకో పాయింటుగా విడగొట్టి రాయించడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. రెండూ కలిసే పనిచేస్తాయి. అది కళ్లతో చూస్తేనే అర్థమవుతుంది.

కావలసినవి

బడి మైక్రోస్కోపు, రెండు స్లైడ్లు, కవర్ స్లిప్పులు, బ్లేడు, డ్రాపర్, బ్లాటింగ్ పేపర్, ఉప్పు, ఒక ఎర్ర ఉల్లిపాయ. తెల్ల ఉల్లిపాయ వద్దు. అర గ్లాసు నీళ్లలో, అంటే సుమారు 100 మిల్లీలీటర్లలో, ఒక చెంచా ఉప్పు (5 గ్రాములు) కలిపి పక్కన పెట్టండి.

పొర తీయడం

బళ్లలో ఉల్లిరేకు లోపలి వైపు, గుంటగా ఉన్న వైపు నుంచి పొర తీస్తారు. అది సులువుగా ఊడుతుంది కానీ రంగుండదు. రంగు లేదని అయోడిన్ వేస్తారు. అక్కడితో కణాలు చచ్చిపోతాయి, ఆ తర్వాత ఏ ఉప్పునీళ్లు పోసినా ఏమీ జరగదు. మీరు రేకు బయటి వైపు, ఊదారంగున్న వైపు పొర తీయండి. బ్లేడుతో చిన్న చదరం గీసి, ఒక మూల పట్టుకుని మెల్లగా లాగండి. కింద కండ అంటుకుంటే ఇంకో చోట ప్రయత్నించండి. ఆ ఊదారంగు ఆంథోసయనిన్. అది రిక్తికలోని నీళ్లలో కరిగి ఉంటుంది. రిక్తికకు రంగు ప్రకృతే వేసి ఇచ్చింది, మళ్లీ మనం వేయడం దేనికి?

పొరను మంచినీటి బొట్టులో పరిచి, కవర్ స్లిప్ వేసి, 10 ఎక్స్ లెన్సుతో చూడండి. పొడుగు పొడుగు కణాలు కనిపిస్తాయి. ఊదారంగు ప్రతి కణాన్నీ అంచుల దాకా నింపేసి ఉంటుంది. ముదిరిన మొక్క కణంలో 80 నుంచి 90 శాతం చోటు రిక్తికదే. కేంద్రకం, మిగతా జీవద్రవ్యం అంతా గోడకి అంటుకుని పలచగా ఉంటుంది.

ఉప్పునీళ్లు ఎక్కించడం: ఇక్కడే అందరూ చెడగొడతారు

స్లైడు తీసి, కవర్ స్లిప్ ఎత్తి, ఉప్పునీళ్లు పోసి మళ్లీ పెట్టకండి. అలా చేస్తే ముందు చూసిన కణమేదో, ఇప్పుడు చూస్తున్నదేదో తెలియదు. మార్పు జరుగుతుండగా చూడడమే ఈ పని అంతటికీ ప్రాణం. స్లైడు మైక్రోస్కోపు మీదే ఉండాలి.

రంగు చిక్కగా ఉన్న ఒక కణాన్ని, దాని చుట్టుపక్కల వాటిని గుర్తు పెట్టుకోండి. కవర్ స్లిప్ కుడి అంచున ఒక్క చుక్క ఉప్పునీళ్లు వేయండి. ఎడమ అంచున బ్లాటింగ్ పేపర్ ముక్క ఆనించండి. అది మంచినీళ్లు పీల్చుకుంటుంటే ఉప్పునీళ్లు కిందకి జారతాయి. పేపర్‌ని స్లిప్ కిందకి తోయకండి, పొర కదిలిపోతుంది. చుక్క పైకెక్కి స్లిప్ మీద పారితే లెన్సుకి ఉప్పు అంటుతుంది. ఇంతకీ లెన్సు తుడిచే పని ఎప్పుడూ మాస్టారిదే అవుతుంది. రెండో చుక్క, మూడో చుక్క అలాగే వేసి, కళ్లు లెన్సు మీద ఉంచండి.

కొద్ది నిమిషాల్లో ఊదారంగు కణం మూలల నుంచి వెనక్కి జరుగుతుంది. మొదట మూలలు తెల్లబడతాయి, తర్వాత రంగంతా గుండ్రంగా ముద్దకట్టి మధ్యకి చేరుతుంది. రంగు ఇంకా చిక్కనవుతుంది. ఎందుకంటే నీళ్లు బయటికి పోయాయి, రంగు లోపలే ఉండిపోయింది. ఈ మొత్తం సమయంలో కవచం గీత ఉన్నచోటే ఉంటుంది. పిల్లలచేత ఈ రెండు మాటలూ చెప్పించండి: ఏది కదిలింది, ఏది కదల్లేదు?

పది నిమిషాలైనా కదలిక లేకపోతే పొర మందంగా తీశారని గానీ, కణాలు ముందే చచ్చాయని గానీ అర్థం. రంగు కణం దాటి చుట్టూ నీళ్లలో వ్యాపిస్తుంటే కణం లోపలి ప్లాస్మా పొర పగిలిపోయిందన్నమాట. ఉప్పు ఎక్కువైతే తొందరగా అవుతుంది కదా అని మూడు చెంచాలు వేసేవాళ్లున్నారు. వాళ్లకి వెనక్కి తిప్పే అవకాశం ఉండదు.

వెనక్కి తిప్పడం తప్పకుండా చేయాలి. ఇప్పుడు కుడి అంచున మంచినీళ్లు వేసి, ఎడమ నుంచి పీల్చండి. ఊదారంగు మళ్లీ ఉబ్బి గోడకి ఆనుతుంది. అక్కడ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందని అడగండి. నీళ్లు ఇంకా లోపలికి రావాలనే చూస్తాయి, రిక్తికలో చక్కెరలు, లవణాలు ఉన్నాయి కాబట్టి. ఆపింది కవచం. సైకిల్ ట్యూబుకి టైరు ఎలాగో రిక్తికకి కవచం అలాగ. నీళ్లు బాగా అందిన మొక్క కణంలో 5 అట్మాస్ఫియర్ల ఒత్తిడి మామూలు. కారు టైరులో గాలి అందులో సగమే ఉంటుంది. ఆకుకూర నిలబడి ఉండేది ఈ ఒత్తిడితోనే. బజారులో వాడిపోయిన తోటకూర మీద నీళ్లు చిలకరించేదీ ఇందుకే.

జంతు కణం

బుగ్గ లోపలి కణాలను స్లైడు మీద రాసి, మెథిలీన్ బ్లూ వేసి చూడండి. ఇక్కడ రంగు తప్పదు. మడతలు పడిన అంచు, మధ్యలో కేంద్రకం కనిపిస్తాయి. గట్టి గీత ఉండదు. మంచినీళ్లు పోసి కణాలు పగులుతాయని పిల్లలకి మాటివ్వకండి. బుగ్గ మీది పై కణాలు చాలావరకు ముదిరి రాలడానికి సిద్ధంగా ఉన్నవి, పగలవు. పగిలేవి ఎర్ర రక్తకణాలు. మంచినీళ్లలో పడితే ఉబ్బి చిట్లిపోతాయి, ఆపడానికి కవచం లేదు. సూదితో గుచ్చి చూపించాల్సిన పనిలేదు. సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది, అది చూపించండి. రక్తకణంలోకి నీళ్లు ఎక్కువ రాకుండా, బయటికి ఎక్కువ పోకుండా ఉండే ఉప్పు మోతాదు అది.

మన ఒంట్లో ఆ మోతాదును మూత్రపిండాలు కాపాడతాయి. కణాలన్నీ ఎప్పుడూ తగిన ఉప్పునీళ్లలోనే మునిగి ఉంటాయి, కాబట్టి ఒత్తిడిని తట్టుకునే కవచం అక్కర్లేదు. పైగా ఉంటే ఇబ్బందే. కండరం ముడుచుకోవాలి, తెల్లరక్తకణం సాగి క్రిమిని మింగాలి. గట్టి పెట్టెలో ఉంటే ఆ పనులు సాగవు. మొక్క సంగతి వేరు. అది కదలదు, వెలుగు కోసం ఆకులు వెడల్పుగా పరవాలి. అంత కణాన్ని ప్రొటీన్లతో నింపాలంటే బోలెడు నత్రజని కావాలి. నీళ్లతో నింపితే చవకలో పెద్దదవుతుంది. ఆ నీళ్లను మోయడానికే కవచం.

"జంతువుల్లో రిక్తికలు అసలు లేవు" అని మాత్రం రాయించకండి. చిన్నవి ఉండొచ్చు. లేనిది ఆ పెద్దది. ఉల్లి వేరు కొనలో అప్పుడే పుట్టిన కణాల్లో కూడా రిక్తికలు చిన్నవే, కణం పెరిగేకొద్దీ అవి కలిసి పెద్దదవుతాయి.

చివరగా ఉప్పునీళ్లలో కణం బొమ్మ వేయించి, రంగు ముద్దకీ కవచానికీ మధ్య ఖాళీలో ఏముందో రాయమనండి. చాలామంది "గాలి" అంటారు. అక్కడున్నది ఉప్పునీళ్లు. కవచం నీటినీ ఉప్పునీ అడ్డుకోదు, ఉప్పుని ఆపేది లోపలి ప్లాస్మా పొర. "గాలి" అని రాసిన పిల్లలకి ఉప్పునీళ్ల దశ మళ్లీ చేయించండి, ఈసారి డ్రాపర్ వాళ్ల చేతికే ఇచ్చి.