ఎప్పుడో తీసుకెళ్లిన వస్తువుని స్నేహితురాలు నొచ్చుకోకుండా వెనక్కి అడగడం ఎలా?

పెద్ద కుక్కర్ ఉన్న ఇంటికి అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. 10 లీటర్లది ఒకరింట్లో ఉందని తెలిస్తే చాలు, గృహప్రవేశాలకీ వ్రతాలకీ సీమంతాలకీ అది బయల్దేరుతుంది. ఒక్కోసారి ఎవరింట్లోనో ఉండిపోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు ఇబ్బంది. అడగలేక కొత్తది కొనుక్కునేవాళ్లని చూశాను. అడిగి, అప్పటిదాకా ఉన్న రాకపోకలు పోగొట్టుకున్నవాళ్లని ఇంకా ఎక్కువమందిని చూశాను. ఒక్క కుక్కర్ కోసం ఆ రెండూ అక్కర్లేదు. నాది పెద్ద కుటుంబం, సామాను ఇస్తూ పుచ్చుకుంటూ ఉంటాం, కాబట్టి నేను అడిగే పద్ధతే రాస్తున్నాను. కుక్కర్ ఉదాహరణగా చెప్తున్నా, డ్రిల్లు మెషీనైనా నిచ్చెనైనా ఇదే వరస.

ఒక సందర్భం అనుకుందాం. రెండు వీధుల అవతల ఉండే స్నేహితురాలు, మనం అక్కా అని పిలిచే మనిషి, శ్రావణమాసంలో గృహప్రవేశానికి కుక్కర్ తీసుకెళ్లింది. సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, కుక్కర్ రాలేదు.

ముందు చూసుకోవాల్సినవి

మీ అటకమీద ఒకసారి వెతకండి. ఆడపడుచు తీసుకెళ్లిందేమో ఇంట్లో అడగండి. ఇది రెండు నిమిషాల పని.

తర్వాత నిజమైన అవసరం ఒకటి, దానికో తేదీ ఉండాలి. వచ్చే ఆదివారం బాబు పుట్టినరోజు, ముప్పై మంది వస్తున్నారు, పప్పూ బియ్యం కుక్కర్‌లో సగానికి మించి పోయకూడదు కాబట్టి ఇంట్లో ఉన్న 5 లీటర్లదాంట్లో విడతలు విడతలుగా వండాలి. ఇది అవసరం. అవసరం లేకుండా ఊరికే అడిగితే మాత్రం ఎంత తియ్యగా అడిగినా అవతలివాళ్లకి ‘ఇవ్వలేదని అడుగుతోంది’ అనే వినపడుతుంది. అలాగని లేని ఫంక్షన్ కల్పించకండి. వారం తర్వాత ఆవిడ ‘ఎలా జరిగింది?’ అని ఆప్యాయంగా అడుగుతుంది, అప్పుడు ఇంకో అబద్ధం కావాలి. ఫంక్షన్ ఏదీ లేకపోతే ఒక ఆదివారం నలుగుర్ని భోజనానికి పిలవండి, సరిపోతుంది.

ఏ రోజు అడగాలి

ఆదివారానికి కావాలంటే సోమవారమో మంగళవారమో అడగాలి. శనివారం అడిగేవాళ్లు ఎక్కువ, అది తప్పు. కుక్కర్ ఆవిడ చెల్లెలింట్లో ఉండొచ్చు, గాస్కెట్ పాడై ఉండొచ్చు, అడుగు మాడి ఉంటే తోమాలి. వీటికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ టైమ్ ఇవ్వకుండా అడగడమంటే ఆవిణ్ని టెన్షన్ పెట్టడమే.

తెచ్చుకునే రోజు మాత్రం మంగళవారం, శుక్రవారం పెట్టుకోకండి. ఆ రోజుల్లో ఇంట్లోంచి వస్తువు బయటికి ఇవ్వని ఇళ్లు చాలా ఉన్నాయి, దీపాలు పెట్టాక అసలే ఇవ్వరు. మీకు పట్టింపు లేకపోవచ్చు, వాళ్ల అత్తగారికి ఉండొచ్చు. ‘ఇవాళ ఇవ్వకూడదు, రేపు రా’ అని అనాల్సిరావడం ఆవిడకి ఎంత కష్టమో ఆలోచించండి. బుధవారమో గురువారమో పొద్దున పదకొండు గంటలు నాకు తెలిసి అన్నిటికన్నా మంచిది.

ఎక్కడ అడగాలి

ఫోన్‌లో, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు. ఎదురుగా అడిగితే ఆవిడ మొహంలో వచ్చే కంగారు మీరు చూస్తారు, మీరు చూశారని ఆవిడకి తెలుస్తుంది. ఫోన్‌లో ఆ బాధ లేదు. పేరంటంలో నలుగురి మధ్య అడగడం, వాళ్లాయన ఉన్నప్పుడు అడగడం, అపార్ట్‌మెంట్ గ్రూపులో ‘నా కుక్కర్ ఎవరి దగ్గరుందో చెప్పండి ప్లీజ్’ అని పెట్టడం, ఇవన్నీ అడగడం కాదు, పరువు తీయడం. ఆవిడకి విడిగా వాట్సాప్ పెట్టినా నాకు నచ్చదు. నీలం టిక్కులు పడతాయి, ఏం రాయాలో తెలియక ఆవిడ ఆగుతుంది, చూసి కూడా జవాబివ్వలేదని మీరు ఇక్కడ ఉడుక్కుంటారు. గొంతు వినపడితే ఇంత దూరం రాదు.

పిల్లాణ్ని పంపి ‘అమ్మ కుక్కర్ ఇమ్మంది’ అనిపించడం కూడా వద్దు. వాడు గుమ్మంలో నిలబడితే ఆవిడ ఏం చెప్పినా అది వాడి నోట మారిపోయి మీ దగ్గరికి వస్తుంది.

అసలు మాట

ఇక్కడే అందరూ చెడగొట్టుకునేది. కాస్త నిదానంగా చదవండి.

మనవాళ్లు నోరు తెరవగానే ‘ఏమీ అనుకోకు అక్కా’ అంటారు. మర్యాదకే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ మాట వినగానే అవతలివాళ్లు ఏదో అనుకోవడానికి సిద్ధమైపోతారు. మన వస్తువు మనం అడగడంలో అనుకోవాల్సింది ఏముంది? ‘తప్పుగా అనుకోకు’, ‘అడగడానికే మొహమాటంగా ఉంది’ లాంటివన్నీ అంతే. మీ మొహమాటం మీరు దించుకుని ఆవిడ నెత్తిన పెడుతున్నారు.

రెండోది, ‘ఇంకా’. ‘కుక్కర్ ఇంకా మీ దగ్గరే ఉందా?’ అంటే ఇన్నాళ్లు ఉంచుకున్నావని లెక్క చెప్పినట్టు. శ్రావణమాసం పేరు ఎత్తొద్దు, గృహప్రవేశం పేరు ఎత్తొద్దు, ఎన్ని నెలలైందో ఎత్తొద్దు. ఆవిడకి గుర్తులేక కాదు. ఆ లెక్క ఆవిడ మనసులో ఉంటే ఉంది, మన నోట రాకూడదు.

మూడోది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది, ‘మా అత్తగారు అడుగుతున్నారు’, ‘మా ఆయన కుక్కర్ ఏదీ అంటున్నారు’ అని ఇంకొకరి మీద పెట్టడం. ఇది తెలివైన పద్ధతని సలహా కూడా ఇస్తుంటారు. మీరు మంచివాళ్లుగా మిగలొచ్చు గానీ, అక్కకి ఏం అర్థమవుతుంది? మీ ఇంట్లో తన గురించి మాటలు నడుస్తున్నాయని. ఇక మీ అత్తగారు ఎదురుపడినప్పుడల్లా ఆవిడ తలదించుకోవాలి. మీరొక్కరే సూటిగా అడిగితే ఆ విషయం ఇద్దరి మధ్యనే ఉండేది.

డొంకతిరుగుడు కూడా పనిచేయదు. ‘ఆదివారం ముప్పై మందికి వండాలి, చిన్న కుక్కర్‌తో ఎలాగో ఏమో’ అని నిట్టూర్చి ఊరుకుంటే, ఆవిడకి అర్థం కాకపోతే మీ శ్రమ వృథా, అర్థమైతే ఇంకా నష్టం. నేరుగా అడగకుండా తనని పరీక్షిస్తున్నావని నొచ్చుకుంటుంది. నవ్వుతూ ‘మా కుక్కర్‌ని దత్తత తీసుకున్నావా ఏంటి’ అనడం దీనికంటే పదిరెట్లు చెడ్డది.

మరి ఎలా అడగాలి? ఇలా:

‘అక్కా, ఆదివారం బాబు పుట్టినరోజు, ముప్పై మంది వస్తున్నారు, మీరూ రావాలి. వంటకి పెద్ద కుక్కర్ కావాలి. గురువారం పదకొండింటికి నేను అటువైపు వస్తున్నా, వచ్చి తీసుకోనా?’

ఇందులో అవసరం ఉంది, రోజు ఉంది, తెచ్చివ్వాల్సిన పని ఆవిడ మీద లేదు. మా కుక్కర్ అని కూడా అనలేదు చూడండి, ఎవరిదో ఇద్దరికీ తెలుసు. తెచ్చివ్వమని అడగకపోవడం చాలా ముఖ్యం. బరువైన సామాను ఆగిపోయేదే మోసుకురావడం బద్ధకమై. ఇంకో కారణం కూడా ఉంది, గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మనకో అలవాటు. ఏదైనా చేసి అందులో పెట్టి ఇద్దాం అనుకుంటూ ఆవిడ రోజులు గడిపేసి ఉండొచ్చు. మీరే వెళ్తానంటే ఆ రెండూ తీరిపోతాయి.

అడిగేశాక ఆగండి. ‘తొందరేం లేదులే, నీకు వీలైనప్పుడే’ అని తోక తగిలించకండి. ఆ ఒక్క మాటతో గురువారం కాస్తా ఉగాదికి పోతుంది. ఆవిడ జవాబు చెప్పేదాకా ఆగి, తర్వాత పిల్లల చదువుల గురించో ఇంకేదో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేయండి.

ఆవిడ ఏమంటుందో

‘అయ్యో, ఎప్పటినుంచో ఇద్దామనుకుంటున్నా’ అంటుంది చాలాసార్లు. ‘నాకు ఇప్పుడే అవసరం పడింది అక్కా’ అనండి, చాలు. ‘పర్లేదు పర్లేదు’ అని నాలుగుసార్లు అంటే ఆవిడ తప్పుని మీరే గుర్తుచేసినట్టవుతుంది.

‘మా చెల్లి తీసుకెళ్లింది’ అంటే చెల్లి ఎందుకు తీసుకెళ్లిందని అడగొద్దు. ‘శనివారానికి వచ్చినా సరిపోతుంది’ అని ఇంకో రోజు చెప్పండి. సోమవారమే అడిగారు కాబట్టి ఆ వెసులుబాటు మీ చేతిలో ఉంది.

‘చూస్తాను’, ‘వెతకాలి’ అని గొంతు తగ్గి, మాట మారిపోతే ఏదో అయిందని అర్థం. మాడిందో, వాల్వ్ పోయిందో, అసలు కనపడట్లేదో. అప్పుడు ‘ఎలా ఉన్నా ఇచ్చెయ్ అక్కా, బాగుచేయించుకుంటా’ అనండి. ఆవిడ నోరు విప్పడానికి ఆ మాట సరిపోతుంది. పోయిందని చెప్పి కొత్తది కొనిస్తానంటే వద్దనకండి. ఇక్కడ చాలామంది ‘మన మధ్య ఇవేంటి’ అని గొప్పగా వద్దంటారు, ఆ తర్వాత ఆవిడ ఆ అపరాధ భావంతో ఇంటికి రావడమే మానేస్తుంది. తీసుకుంటే ఆ లెక్క అక్కడితో తీరుతుంది, ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోవచ్చు.

తెచ్చుకునేటప్పుడు

బయల్దేరేముందు ఒక ఫోన్ చేయండి, అడగడానికి కాదు, వస్తున్నానని చెప్పడానికి. కాఫీ ఇస్తే తాగండి. కుక్కర్‌లో అరిసెలో జామకాయలో పెట్టి ఇస్తే సంతోషంగా పుచ్చుకోండి. అక్కడ మూత తీసి గాస్కెట్ ఉందా, విజిల్ ఉందా అని వేళ్లతో తడిమి చూడటం మాత్రం చేయొద్దు. ఇంతసేపు పడ్డ జాగ్రత్త అంతా ఆ ఒక్క చూపుతో పోతుంది.

ఇంటికొచ్చాక ఆ రోజే నీళ్లు పోసి పొయ్యిమీద పెట్టి చూడండి. విజిల్ రాకుండా మూత పక్కలనుంచి ఆవిరి పోతుంటే గాస్కెట్ గట్టిపడి ఉంటుంది, లేకపోతే ఇంకో సైజుది వచ్చి ఉంటుంది. రెండు కుక్కర్లు పక్కపక్కన తోమిన ఇంట్లో గాస్కెట్లు మారిపోవడం మామూలే, ఎవరూ కావాలని చేయరు. గాస్కెట్ ఎలాగూ కొన్నాళ్లకి మార్చాల్సిందే కాబట్టి దానికోసం మళ్లీ ఫోన్ చేయకండి, మూత పట్టుకెళ్లి అదే కంపెనీ, అదే లీటర్లకి సరిపోయేది కొనుక్కోండి. విజిల్ వెయిట్ లేకపోయినా వేరే కంపెనీది పెట్టి సరిపెట్టకండి, లోపలి ఒత్తిడిని అదుపులో ఉంచేది ఆ బరువే. ఒకవేళ వచ్చిన వెయిట్ మీది కాదు, ఆవిడదే అయితే అప్పుడు చెప్పాలి: ‘అక్కా, మీ విజిల్ నా దగ్గరికి వచ్చేసింది, ఆదివారం వచ్చినప్పుడు ఇస్తా.’ మీ వెయిట్ ఆవిడే వెతికి తెస్తుంది.