ఒకే ఇంటర్న్‌షిప్ ఉన్న ఫ్రెషర్, స్క్రీన్‌షాట్‌లో ఉద్యోగ ప్రకటన: కవర్ లెటర్ రాయడం ఎలా?

హైదరాబాద్‌లో ఫ్రెషర్లకు ఉద్యోగ ప్రకటనలు తరచుగా వాట్సాప్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లుగా వస్తుంటాయి. పంపినవాళ్లు పైనా కిందా కత్తిరించేస్తారు. జాబ్ ఐడీ, చివరి తేదీ సాధారణంగా ఆ పోయిన భాగంలోనే ఉంటాయి. అందుకే లెటర్ మొదలుపెట్టే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీలో అదే ప్రకటన ఉందేమో వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి దాన్నే చూసి రాయండి. ఎక్కడా దొరక్కపోగా రిజిస్ట్రేషన్ ఫీజు కూడా అడుగుతుంటే, అది మోసమనే అనుకుని వదిలేయండి.

మొదట ప్రకటనను టైప్ చేసుకోండి

గూగుల్ లెన్స్‌తో బొమ్మలోని అక్షరాలను కాపీ చేసుకోవచ్చు. ఈమెయిల్ అడ్రస్ మాత్రం బొమ్మను పెద్దది చేసి ఒక్కో అక్షరం సరిచూసుకోవాలి. సున్నాకూ `O`కూ, ఒకటికీ చిన్న `l`కూ లెన్స్ తేడా పట్టలేకపోవచ్చు. అడ్రస్ తప్పితే మెయిల్ వెనక్కి తిరిగొస్తుంది, లేదా వేరెవరికో చేరుతుంది.

టైప్ చేసిన దానిలో రెండు రకాల వాక్యాలను విడదీయండి: చేయాల్సిన పని, ఉండాల్సిన అర్హతలు. ఫ్రెషర్లు అర్హతల వైపే చూస్తారు. లెటర్‌కు బలం మాత్రం పని వాక్యాల నుంచి వస్తుంది.

ఒక్క పనిని పట్టుకోండి

ఉదాహరణకు, మాదాపూర్‌లో జూనియర్ డేటా అనలిస్ట్ ఉద్యోగం అనుకుందాం. పని: వారం వారం సేల్స్ రిపోర్ట్ తయారుచేయడం, బ్రాంచీలతో మాట్లాడి డేటా తెప్పించుకోవడం. అర్హతలు: ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ వస్తే మంచిది. వెంటనే చేరాలి. అభ్యర్థి బీకామ్ పూర్తిచేసిన అమ్మాయి. కోఠీలో మందుల హోల్‌సేల్ సంస్థలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసింది.

ఆమె మామూలుగా రాసే వాక్యం ఇలా ఉంటుంది: "ఇంటర్న్‌షిప్‌లో ఎక్సెల్, డేటా అనాలిసిస్ నేర్చుకున్నాను." ఇందులో ఆమె చేసిన పని ఒక్కటీ కనబడదు. తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి: చేతికి ఏం వచ్చేది? దాన్ని ఏం చేశాను? ఆ తర్వాత ఎవరు వాడుకున్నారు? జవాబులు కలిపితే ఇలా వస్తుంది: "మూడు బ్రాంచీల నుంచి వచ్చే అమ్మకాల షీట్లలో ఒకే మందు పేరు రకరకాలుగా ఉండేది. పేర్లన్నీ ఒకే తీరుకు తెచ్చి, పివట్ టేబుల్‌తో వారం రిపోర్ట్ తయారుచేశాను. స్టాక్ ఆర్డర్ పెట్టేటప్పుడు మేనేజర్ దాన్నే చూసేవారు. తేడా కనిపిస్తే ఆ బ్రాంచీకి ఫోన్ చేసి సరిచేయించేదాన్ని."

ప్రకటన అడిగిన రెండు పనులూ ఇందులోకి వచ్చేశాయి. అమ్మకాల మొత్తాలు, కస్టమర్ల పేర్లు మాత్రం రాయకూడదు. అవి ఆ సంస్థ సొంత లెక్కలు.

లేని అర్హత సంగతి

తప్పనిసరిగా అడిగినది కొంతే వస్తే, ఎంత వచ్చో అంతే చెప్పాలి: "ఎస్‌క్యూఎల్‌లో కోర్సు చేశాను, జాయిన్లు, గ్రూప్ బై వరకు సొంతంగా రాయగలను." ఇంటర్వ్యూలో ప్రశ్నలు వచ్చేది ఇక్కడి నుంచే, కాబట్టి ఈ వాక్యాన్ని పెంచి రాయడం ప్రమాదం. "వస్తే మంచిది" అన్న పవర్ బీఐ రాకపోతే ఆ ఊసే ఎత్తనక్కర్లేదు. "నాకు అనుభవం లేకపోయినా" అని మొదలుపెట్టకండి. ఫ్రెషర్ అని రెజ్యూమేలో ఎలాగూ కనిపిస్తుంది.

లెటర్ అమరిక

లెటర్ ఇంగ్లిష్‌లో 200 నుంచి 250 పదాలు చాలు. మొదటి పేరాలో ఉద్యోగం పేరు, ప్రకటన ఎక్కడ చూశారో, మీ డిగ్రీ. రెండోది అన్నిటికంటే పెద్దది, ఇంటర్న్‌షిప్ పని. మూడో పేరాలో మిగతా అర్హతలు. చివర్లో ఎప్పటినుంచి చేరగలరో తేదీతో సహా రాయండి. పరీక్షలు మిగిలి ఉంటే అదీ చెప్పండి. హెచ్ఆర్ పేరు తెలియకపోతే `Dear Hiring Manager` అంటే సరిపోతుంది.

సబ్జెక్ట్ లైన్ ఎలా పెట్టాలో ప్రకటనలో చెప్పి ఉంటే అక్షరం మార్చకుండా అలాగే పెట్టండి. చెప్పకపోతే ఇలా:

```
Application: Junior Data Analyst, Job ID, Your Name
```

జాబ్ ఐడీ దొరక్కపోతే ఆ ముక్క తీసేయండి. లెటర్‌ను మెయిల్‌లోనే రాసి రెజ్యూమేను పీడీఎఫ్‌గా జతచేయవచ్చు. విడిగా ఫైల్ అడిగితే అదీ పీడీఎఫ్‌లోనే పంపాలి. పాత లెటర్‌ను మార్చి వాడుతుంటే వెనకటి కంపెనీ పేరు పెట్టి `Ctrl+F`తో వెతకండి. ఎక్కువమంది దొరికిపోయేది అక్కడే.

పంపాక స్క్రీన్‌షాట్‌ను, లెటర్‌ను ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. ఇంటర్వ్యూకు ఫోన్ వచ్చేసరికి ప్రకటనను వెబ్‌సైట్ నుంచి తీసేసి ఉండవచ్చు.