యాప్‌కి అక్షరాలు, 4వ పాఠం: లెక్కల తెరకు ఫాంటు ఎంచుకోవడం

గత పాఠంలో పాల సేకరణ కేంద్రం యాప్‌కి తెరలు గీసుకున్నాం. ఈసారి వాటికి ఫాంటు ఎంచుకుందాం. చాలామంది స్వాగతం పలికే మొదటి తెర తీసుకుని, అక్కడ పెద్ద అక్షరాల్లో ఏది అందంగా ఉంటే అది ఖాయం చేసేస్తారు. 32 సైజులో దాదాపు ప్రతి ఫాంటూ బాగానే ఉంటుంది. తేడా తెలిసేది అన్నిటికంటే ఇరుకైన తెరలో. మన యాప్‌లో అది రైతు పదిహేను రోజుల బిల్లు. తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, రేటు, మొత్తం అన్నీ 360 యూనిట్ల వెడల్పున్న మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో పట్టాలి. పాఠమంతా ఈ ఒక్క తెర మీదే నడుస్తుంది.

చిన్న సైజులో తెలుగు

ముందు రైతుల పేర్ల జాబితా తీసుకోండి. ఒకే ఊళ్ళో వెంకయ్య, వెంకమ్మ ఇద్దరూ పాలు పోస్తారు. సుబ్బయ్య, సుబ్బమ్మ కూడా ఉంటారు. ఈ పేర్ల మధ్య తేడా అంతా చివరి అక్షరంలో, దాని కింది ఒత్తులో ఉంది. 12 సైజులో ఆ ఒత్తు ముద్దగా కనిపిస్తే గుమాస్తా ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలో రాసేస్తాడు. అందుకే పరీక్షకు వాడే పదాలు మీ యాప్‌లో నిజంగా వచ్చేవే కావాలి. నేను ఈ తెరకు పెట్టుకునేవి ఇవి:

```
వెంకయ్య  వెంకమ్మ  లక్ష్మి  కృష్ణమూర్తి
ధర  బాధ  కథ  భాస్కర్  బాలయ్య
మొత్తం  చెల్లించాల్సింది  రాష్ట్రం
```

మొదటి వరుస ఒత్తుల కోసం. రెండో వరుస ధ, థ, బ, భ లాంటి అక్షరాల కోసం. ధ కింద చిన్న గీత, థ లోపల చుక్క ఉంటాయి. సైజు తగ్గేకొద్దీ ముందు మాయమయ్యేవి ఇవే. మూడో వరుస పొడవు, ఎత్తుల కోసం. ఈ పదాలను 12, 14, 16 సైజుల్లో పెట్టి, ధర తక్కువ ఫోన్లో, వెలుతురు తగ్గించి, చేయి చాచి పట్టుకుని చదవండి. కంప్యూటర్ తెర మీద చూసి తీర్పు చెప్పకండి, అక్కడ అక్షరం ఎప్పుడూ తేటగానే ఉంటుంది. ఇంగ్లీషు 12లో సరిపోయే చోట తెలుగుకి 14 ఇవ్వడం నా పద్ధతి. 12లో తెలుగు చదవగలమనిపించినా ఆ సైజును పేర్లకు వాడను.

బోల్డ్ సంగతి విడిగా చూడాలి. మండలి చదవడానికి హాయిగా ఉండే ఫాంటు, కానీ దానికి ఒకే మందం ఉంది. "మొత్తం" అన్న మాటను బోల్డ్ చేయమని అడిగితే ఫోనే గీతను లావు చేసి చూపిస్తుంది. అక్షరం లోపలి ఖాళీలు పూడిపోతాయి, త్త ఒత్తు మచ్చలా తయారవుతుంది. అసలైన బోల్డ్ పక్కన పెట్టి చూస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది. హింద్ గుంటూరు, అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు లాంటి వాటికి వేర్వేరు మందాలు విడిగా గీసి ఉన్నాయి కాబట్టి మన జాబితాలో వీటినే ఉంచుకుందాం.

అంకెలు

మన వాడుకలో మాటలు తెలుగువే అయినా అంకెలు మాత్రం 1, 2, 3 రూపంలోనే ఉంటాయి. బిల్లు తెరలో అక్షరాల కంటే అంకెలే ఎక్కువ. అయినా తెలుగు ఫాంటు ఎంచుకునేటప్పుడు వాటి వంక చూసేవాళ్ళు తక్కువ.

చూడాల్సింది వెడల్పు. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉంటాయి. వాక్యంలో అది బాగుంటుంది. లెక్కల వరుసలో మాత్రం రూపాయలు ఒకదాని కింద ఒకటి రావు. తూకం యంత్రం నుంచి లీటర్లు మారుతూ వచ్చే చోట అంకె మారినప్పుడల్లా వరుస అటూ ఇటూ కదులుతుంది. పరీక్ష చాలా తేలిక. ఈ రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి కుడివైపుకు సర్దండి:

```
₹1,111.11
₹8,888.88
```

రెండు ₹ గుర్తులూ ఒకే నిలువు గీత మీద ఉంటే అంకెలన్నీ సమాన వెడల్పువే. లేకపోతే ఫాంటులో సమాన వెడల్పు అంకెలు విడిగా దాచి ఉన్నాయేమో చూడాలి. ఆండ్రాయిడ్ కంపోజ్‌లో వాటిని ఇలా పిలుస్తాం:

```kotlin
TextStyle(fontSize = 16.sp, fontFeatureSettings = "tnum")
```

ఫాంటులో ఆ అంకెలు లేకపోతే ఈ వరుస వల్ల తప్పేమీ కనిపించదు, ఫలితమూ ఉండదు. కాబట్టి కోడ్ రాసేశాం కదా అని ఊరుకోకుండా పై రెండు మొత్తాలనూ మళ్ళీ చూడండి. ఐఫోన్‌లో సిస్టమ్ ఫాంటు అంకెలు మామూలుగా హెచ్చుతగ్గుల వెడల్పుతో వస్తాయి. సమాన వెడల్పు కావాలంటే అడగాలి:

```swift
UIFont.monospacedDigitSystemFont(ofSize: 16, weight: .regular)
```

₹ గుర్తు 2010లో పుట్టింది. అంతకుముందు గీసి, తర్వాత సవరించని ఫాంట్లలో అది ఉండదు. అప్పుడు ఫోన్ ఇంకో ఫాంటు నుంచి తెచ్చి అతికిస్తుంది. గుర్తు ఒక మందంలో, అంకెలు ఇంకో మందంలో కనిపిస్తే కారణం అదే.

సిస్టమ్ ఫాంటుతో పొత్తు

మీరు ఏ ఫాంటు పెట్టినా కొన్ని చోట్ల అది పనిచేయదు. నోటిఫికేషన్, కీబోర్డు, అనుమతి అడిగే పెట్టె, ఇవన్నీ ఫోన్ సొంత ఫాంటులోనే వస్తాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగుకి నోటో సాన్స్ తెలుగు, ఇంగ్లీషుకీ అంకెలకీ రోబోటో ఉంటాయి. ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, శాన్ ఫ్రాన్సిస్కో. "మీ ఖాతాలో ₹1,248 జమ" అని నోటిఫికేషన్ వస్తుంది, నొక్కితే అదే మొత్తం బిల్లు తెరలో కనిపిస్తుంది. రెండు చోట్లా అక్షరాల పోలిక మరీ దూరమైతే కొత్తగా ఫోన్ పట్టిన రైతుకి ఇది వేరే యాప్ అనిపిస్తుంది.

ఇంతకంటే తరచుగా ఎదురయ్యే చిక్కు ఇంకోటి ఉంది. డిజైనర్ తెలుగు అక్షరాలు లేని ఇంగ్లీషు ఫాంటు ఎంచుకుంటాడు. ఇంగ్లీషు మాటలు అందులో, తెలుగు మాటలు ఫోన్ ఫాంటులో వస్తాయి. రెండు ఫాంట్ల ఎత్తులూ వేరు కాబట్టి తెలుగు ఉన్న వరుస పొడుగవుతుంది, లేని వరుస కురచగా ఉంటుంది. దాన్ని సరిచేద్దామని వరుస ఎత్తును గట్టిగా బిగిస్తే "లక్ష్మి", "రాష్ట్రం" కింది ఒత్తులు తెగిపోతాయి. ఆండ్రాయిడ్ 15లో ఇది ఇంకాస్త బయటపడింది. ఆ వెర్షన్ కోసం తయారైన యాప్‌లలో `elegantTextHeight` దానంతట అదే అమల్లోకి వస్తుంది. అంతకుముందు తెలుగు లాంటి లిపులకు వాడిన కుదించిన ఫాంటు పోయి, పూర్తి ఎత్తు ఫాంటు వస్తుంది. చదవడానికి ఇదే మేలు. కొలిచి బిగించిన పాత వరుసలు మాత్రం చాలవు. వరుసకు కనీస ఎత్తు ఇచ్చి, పెరిగే వీలు ఉంచండి. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకునే పెద్దవాళ్ళకీ అదే పనికొస్తుంది.

ఇప్పుడు మన తెరకు తీర్పు. పేర్లు, పట్టిక, మొత్తాలు, బటన్లు అన్నిటికీ సిస్టమ్ ఫాంటే ఉంచుతాను. రోబోటో అంకెలు మొదటి నుంచీ సమాన వెడల్పువే. అయినా కొన్ని కంపెనీలు తమ సొంత ఫాంటు పెడతాయి, వాడేవాళ్ళూ మార్చుకుంటారు. అందుకని `tnum` రాసే ఉంచుతాను. ఐఫోన్‌లో పైన చెప్పిన వరుస. కేంద్రం పేరు, తెరల శీర్షికలు మాత్రం 20 సైజుకు పైన అనెక్ తెలుగు బోల్డ్‌లో. యాప్‌కి తనదంటూ ఒక ముఖం అక్కడ దొరుకుతుంది, చిన్న సైజు కష్టాలు దాని మీద పడవు. యాప్ బరువు కూడా ఒక్క ఫాంటు ఫైలు మేరకే పెరుగుతుంది.

అభ్యాసం: మీ యాప్‌లో అన్నిటికంటే ఇరుకైన తెర తీసుకుని, అందులో నిజంగా వచ్చే పేర్లలో ఒకదాన్నొకటి పోలి ఉండేవి నాలుగు జతలు ఏరండి. వాటితో పాటు పై రెండు మొత్తాలనూ మూడు ఫాంట్లలో, 12, 14, 16 సైజుల్లో పెట్టి ఫోన్లో చూడండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలను అన్నిటికంటే పెద్దవి చేసి, ఏ ఒత్తు ఎక్కడ తెగిందో రాసుకోండి. 5వ పాఠంలో వరుసల ఎత్తు కొలతలు ఆ జాబితా నుంచే తీస్తాం.