నకిలీ మసాలా ప్యాకెట్‌ను విప్పకుండానే ఎలా పట్టుకోవాలి?

కారం ప్యాకెట్ మీద అనుమానం రాగానే చాలామంది గ్లాసు నీళ్లలో చెంచాడు పొడి వేసి చూస్తారు. అది కల్తీ పరీక్ష. ఇటుక పొడి ఉంటే అడుగున చేరుతుంది, రంగు కలిపితే నీళ్లలో చారలు కడుతుంది, అంతవరకే. నకిలీ ప్యాకెట్‌లో మామూలు మిరప పొడే ఉండొచ్చు, అప్పుడు ఆ గ్లాసు ఏం చెబుతుంది? పైగా ప్యాకెట్ చింపేస్తే సాక్ష్యం పోయినట్టే. ముందు కవరు చూడండి.

అనుమానం ఉన్నవి ఒకే పెట్టెలోంచి నాలుగైదు తీయండి. డీలర్ దగ్గర బిల్లు మీద కొన్నవి నాలుగైదు పక్కన పెట్టండి. సైజు ఒకటే ఉండాలి, ప్యాకింగ్ నెల కూడా దగ్గరదైతే మంచిది. పగటి వెలుతురు, ఫోన్ కెమెరా చాలు. ట్యూబ్‌లైట్ కింద రంగులు పోల్చేవాళ్లతో నాకు పడదు.

మొదట పేరు, స్పెల్లింగ్, బరువు, చిరునామా చూడండి. పేరులో ఒక్క అక్షరం మార్చి అమ్మే రకమైతే ఇక్కడే దొరుకుతుంది. అలాంటి ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు ఉన్నాయా అని లెక్కపెట్టి, foscos.fssai.gov.in లో వెతకండి. వేరే ఎవరి పేరో వస్తుంది, లేదా అసలేమీ రాదు.

పేరుతో సహా మొత్తం దించేసిన రకంతోనే తంటా. లైసెన్సు నంబరు అసలుదే, బార్‌కోడూ అసలుదే. స్కాన్ చేస్తే బీప్ మంటుంది. "స్కాన్ అయింది కదండీ" అంటూ సరుకు దించుకునే షాపులు నేను చూస్తూనే ఉన్నాను. గీతల్ని ఫొటో తీసి అచ్చేసినా మిషన్ చదువుతుంది.

అందుకే నేను బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న చోట ఎక్కువసేపు ఆగుతాను. ప్యాకెట్ మీది బొమ్మలూ అక్షరాలూ కవరు చేసే ప్లాస్టిక్ ఫిల్మ్ రోల్ మీద ముందే అచ్చయి వస్తాయి. బ్యాచ్, తేదీ, ధర మాత్రం ప్యాకింగ్ జరిగేటప్పుడు వేస్తారు. చాలా కంపెనీలు ఇంక్‌జెట్‌తో వేస్తాయి. జూమ్ చేస్తే అంకెలు సన్నని చుక్కలుగా కనిపిస్తాయి. రోల్ కాస్త కదులుతుంది కాబట్టి ఒక ప్యాకెట్‌లో ఆ వరుస కొద్దిగా పైకి, ఇంకోదాంట్లో కొద్దిగా పక్కకి ఉంటుంది.

ఒకసారి బండి మీద ఒకతను మా షాపుకి వంద గ్రాముల కారం ప్యాకెట్ల పెట్టెలు తెచ్చాడు. డీలర్ రేటు కంటే తక్కువ. "కంపెనీ సరుకే అన్నా, స్కీములో వచ్చింది" అన్నాడు. ఐదు ప్యాకెట్లు తీసి బల్ల మీద వరసగా పేర్చాను. బ్యాచ్ వరుస ఐదింటిలోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట ఉంది. చుక్కల్లేవు. అంకెలు కూడా డిజైన్‌తో పాటే అచ్చయ్యాయి. తర్వాత చిరునామా పంక్తిని జూమ్ చేశాను. మా దగ్గరున్న అసలు ప్యాకెట్‌లో అక్షరం ఒకే రంగు, అంచు తీరుగా ఉంది. అతను తెచ్చినదాంట్లో నల్ల అక్షరం చుట్టూ ఎరుపు, నీలం నలుసులు. అసలు కవరుని స్కాన్ చేసి అచ్చేస్తే చిన్న అక్షరాలు అలాగే తేలతాయి.

"బిల్లేది తమ్ముడూ?" అన్నాను. సాయంత్రం తెస్తానన్నాడు. పెట్టెలు అతని బండికే ఎక్కించాను.

ఇక్కడ తొందరపడితే అసలు సరుకునే నకిలీ అంటారు. ఒకే కంపెనీకి నాలుగు చోట్ల ప్యాకింగ్ ఉండొచ్చు. ఫిల్మ్ మారితే ఎరుపు ఒక రవ్వ ముదురుతుంది, సీలు పళ్ల వరుస మారుతుంది. కొందరు ఇంక్‌జెట్ కాకుండా వేరే పద్ధతిలో తేదీ వేస్తారు, అప్పుడు చుక్కలుండవు. కాబట్టి రంగు తేడా ఒక్కటీ చూసి తేల్చకండి. బ్యాచ్ వరుస, చిన్న అక్షరాలు, బిల్లు, ఈ మూడింటిలో రెండు తేడాగా ఉంటేనే నేను సరుకు ఆపుతాను.

సరుకు అప్పటికే షాపులో దిగిపోయి ఉంటే అమ్మకం ఆపి, పెట్టె అలాగే ఉంచండి. అసలుదీ, అనుమానం ఉన్నదీ రెండు ప్యాకెట్లనూ ఒకే ఫొటోలో తీసి, ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్‌కి పంపండి. నకిలీ మార్కు సరుకు అమ్మితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 104వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. తెలియక అమ్మానంటే సరిపోదు. తగిన జాగ్రత్త తీసుకున్నట్టు చూపాలి, అడిగితే ఎవరి దగ్గర కొన్నారో చెప్పాలి. బిల్లు లేని సరుకుకి ఆ పేరు ఎక్కడ్నుంచి తెస్తారు?