మైకుకు మరీ దగ్గరగా చదివిన గొంతును సరిచేసే ముందు: జాగ్రత్తలు

కార్తీక మాసంలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడుతూ ఉంటాయి. వాన చప్పుడు చేరకూడదని తలుపులు మూసుకొని, మైకును నోటికి రెండు వేళ్ల దూరంలో పెట్టి పురాణపఠనం రికార్డు చేసేవారు చాలామంది. కావలి దగ్గరి ఒక గుడి కోసం ఒక పెద్దాయన అలా చదివిన రికార్డింగు ఈ మధ్య నా చేతికి వచ్చింది. గొంతు ముద్దగా ఉందని ఎవరో ఒక హద్దుకు కింది ధ్వనులను కోసేసే హై పాస్ ఫిల్టర్ వేసి, అసలు ఫైలు మీదనే సేవ్ చేశారు. ఇప్పుడు ఆ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. ఆ పెద్దాయన మళ్లీ చదివే స్థితిలో లేరు. కొత్త రికార్డింగులు మొదలయ్యే లోపు ఇది రాయాలనిపించింది.

ముందు కారణం తెలియాలి. ముందువైపు నుంచే ధ్వనిని ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకుకు నోరు దగ్గరయ్యేకొద్దీ కింది స్థాయి ధ్వనులు, అంటే తక్కువ హెర్ట్జ్ ఉన్న బరువైన ధ్వనులు, పెరుగుతాయి. ఈ పెరుగుదల 200 హెర్ట్జ్ ప్రాంతం నుంచి కిందికి వాలుగా సాగుతుంది. కాలరుకు తగిలించే మైకుల్లో చాలావరకు అన్ని వైపుల నుంచీ ధ్వనిని పట్టేవే కాబట్టి వాటిలో ఈ దోషం ఉండదు. వాటిలో గొంతు ముద్దగా ఉంటే కారణం బట్టో గదో అయి ఉంటుంది.

నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటే: ముద్దతనం పోయేదాకా హై పాస్ ఫిల్టర్ సంఖ్యను పైకి జరుపుతూ పోవడం. ఆ రికార్డింగులో పెద్దాయన గొంతు మూలస్థాయి దాదాపు 110 హెర్ట్జ్, చెవికి అడ్డుపడిన ముద్దతనం 300 హెర్ట్జ్ చుట్టూ ఉంది. వారు ఫిల్టరును 250 దగ్గర, ఆక్టేవుకు, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 24 డెసిబెల్స్ వాలుతో పెట్టారు. 110 దగ్గర గొంతు పునాది సుమారు 28 డెసిబెల్స్ పడిపోయింది, 300 దగ్గరి ముద్దతనం మాత్రం ఒక్క డెసిబెల్ కూడా తగ్గలేదు. తీసేయవలసినది ఉండిపోయి, ఉండవలసినది పోయింది. హై పాస్ ఫిల్టర్ గొంతుకు కింద ఉన్న చెత్తను తీయడానికే గాని, గొంతు లోపలి ముద్దతనాన్ని తీయడానికి కాదు.

అదే గొంతుకు 80 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవుకు 12 డెసిబెల్స్ వాలు పెట్టి ఉంటే 110 దగ్గర సుమారు ఒక డెసిబెలే తగ్గేది, 40 దగ్గరి అదురు మాత్రం 12 డెసిబెల్స్ తగ్గేది. ఆ తరువాతి పని ఒక్కో స్థాయిని విడిగా పెంచి, తగ్గించే ఈక్వలైజేషన్‌ది. దగ్గరితనం వల్ల పెరిగినది వాలుగా పెరిగింది కాబట్టి వాలుగానే దించాలి: 200 నుంచి కిందికి 4 డెసిబెల్స్, 300 దగ్గర 3, 500 చేరేసరికి సున్నా. గీత మెత్తగా వంగాలి, ఎక్కడా గోతులు పడకూడదు. పెద్దాయన గొంతుకు సరిపోయేది ఇంతే.

ఆడవారి గొంతు మూలస్థాయి ఎక్కువగా 200 దగ్గర ఉంటుంది కాబట్టి వారికి ఫిల్టరును 100 దాకా జరపవచ్చు. అంతకు మించి ముద్దతనం కోసం జరపవద్దు.

ఇక ఇవి పాటించండి. మొదట అసలు ఫైలును వేరే ఫోల్డరులో కాపీ చేయండి, దాన్ని మళ్లీ తెరవవద్దు. ధ్వనిని సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేరులో `High-Pass Filter` తెరిస్తే `Frequency` దగ్గర మొదట 1000 అని ఉంటుంది, దాన్ని మార్చకుండా నొక్కవద్దు. `Roll-off` 12 చాలు. ఫోను స్పీకరులో విని నిర్ణయించవద్దు, అది కింది స్థాయి ధ్వనిని దాదాపుగా పలకదు కాబట్టి ఎంత కోసినా మీకు తెలియదు. హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ముందూ తరువాతా పోల్చేటప్పుడు రెండింటి శబ్దాన్నీ సమం చేయండి, లేకుంటే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. బిగ్గర, మెల్లని శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ ఫిల్టరు తరువాతే, ముందు వద్దు. ‘ప’, ‘భ’ దగ్గర ఊపిరి కొట్టిన చోట ఆ ముక్కను మాత్రమే ఎంచుకొని 150 దగ్గర కోయండి, మొత్తం ఫైలుకు ఆ సంఖ్య వేయవద్దు. కరెంటు గుర్రు 50 దగ్గరది తగ్గుతుంది, 100 దగ్గరది పోదు, దాని కోసం కూడా ఫిల్టరును పైకి జరపవద్దు. శబ్దం పగిలిన చోట ఏ ఫిల్టరూ పనిచేయదు, ఆ వాక్యం మళ్లీ చదివించండి. స్పష్టత కోసం పై స్థాయిలు పెంచవద్దు, బుస పెరుగుతుంది. ‘మ’, ‘న’, ‘ల’ ఉన్న వాక్యం ఒకటి విని, ఛాతీలోంచి వచ్చే నిండుతనం తగ్గిందనిపిస్తే వెంటనే ఫిల్టరును 80కి దించండి. ముద్దతనం మిగిలి ఉంటే చేయి ఈక్వలైజరు మీదకు పోవాలి, ఫిల్టరు మీదకు కాదు.