యాత్రారచనను చదవడం – మూడవ పాఠం: కొండ మీద నిలబడిన కథకుడు

ప్రయాణం చేసిన మనిషి వేరనీ, పుస్తకంలో ‘నేను’ అంటూ మాట్లాడే కథకుడు వేరనీ కిందటి రెండు పాఠాలలో చూశాము. ఈ పాఠంలో ఆ కథకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో, ఆ చోటు అతనికి ఎలాంటి అధికారం ఇస్తుందో పరిశీలిద్దాము. అందుకు ఒకే ఒక్క సన్నివేశం తీసుకుంటున్నాను.

1858 ఫిబ్రవరి 13న బ్రిటిష్ అన్వేషకులు రిచర్డ్ బర్టన్, జాన్ స్పీక్ తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సును చేరుకున్నారు. బర్టన్ ఆ సంగతిని 1860లో అచ్చయిన తన పుస్తకంలో వర్ణించాడు. రాళ్లూ ముళ్లచెట్లూ ఉన్న నిటారు కొండ ఎక్కుతుండగా స్పీక్ ఎక్కిన గాడిద చనిపోయింది. శిఖరం మీద కాసేపు ఆగినప్పుడు కింద ఒక వెలుగుచార కనిపించింది. అదేమిటని బర్టన్ అడిగితే, అది నీరేనని తన అభిప్రాయమని వారి వెంట ఉన్న ఆఫ్రికన్ సహాయకుడు సీదీ ముబారక్ బాంబే జవాబిచ్చాడు. చెట్ల సందుల్లోంచి సరస్సు ముక్క మాత్రమే కనిపించడంతో, ఇంత అల్పమైన ఫలం కోసమా ప్రాణానికి తెగించామని బర్టన్ మొదట వాపోయాడు. నాలుగడుగులు ముందుకు వేయగానే దృశ్యమంతా ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంది. అప్పుడు మొదలయ్యే వర్ణనలో ఒడ్డు నేల మరకతం, కొండలది ఉక్కు రంగు, వాటి నెత్తిన ముత్యపు మంచు.

ఇలాంటి సన్నివేశాలు ఆ కాలపు యాత్రాగ్రంథాలలో పదే పదే ఎందుకు వస్తాయో మేరీ లూయిస్ ప్రాట్ 1992లో వెలువరించిన విమర్శగ్రంథంలో వివరించింది. ఎత్తైన చోట నిలిచి, కనుచూపు మేరంతా తనదే అన్నట్టు చూసే ఈ భంగిమను ఆమె మూడు లక్షణాలుగా విడదీసింది: దృశ్యాన్ని బొమ్మకట్టినట్టు సౌందర్యంగా మార్చడం, విశేషణాలతో దాన్ని దట్టంగా నింపడం, చూసేవాడికీ చూడబడేదానికీ మధ్య ఏలిక సంబంధం కల్పించడం. రెండవ లక్షణం మరకతం, ఉక్కు, ముత్యం అన్న మాటలలో తేలిగ్గా దొరుకుతుంది. అవి ఆ గట్టున ఉన్న వస్తువులు కావు, పాఠకుల ఇళ్లలోనూ అంగళ్లలోనూ ఉన్నవి. చదివేవారు తమకు తెలిసిన విలువలతోనే ఆ నేలను వెలకడతారు.

అయితే అధికారం విశేషణాలలో కంటే క్రియలలోనే ఎక్కువగా దాగి ఉంటుందని నా అభిప్రాయం. కాబట్టి పేరా చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా ఎవరు చూశారు, ఎవరు అడిగారు, ఎవరికి ముందే తెలుసు అని క్రియ వెంట క్రియ రాసుకోండి. ఈ సన్నివేశంలో అడిగినవాడు బర్టన్, సంగతి తెలిసినవాడు బాంబే. ఒడ్డున ఉన్న ఉజీజీ అప్పటికే అరబ్బు వర్తకులకు తెలిసిన మజిలీ. అయినా తెలుసుకున్న ఖ్యాతి అడిగినవాడికే దక్కుతుంది, ఎందుకంటే ఇంటికి తిరిగి వెళ్లి పుస్తకం అచ్చు వేయించగలిగినవాడు అతనే. బాంబే జవాబు కూడా మనకు బర్టన్ ఇంగ్లీషులోనే చేరుతుంది.

తరువాత ‘లేదు’, ‘ఉంటే’ అన్న అర్థం వచ్చే వాక్యాలు వెతకండి. మసీదులు, భవనాలు, తోటలు వంటి మనిషి నేర్పు కొంచెం తోడైతే ఈ చోటు పేరుపొందిన దృశ్యాలతో పోటీ పడుతుందని బర్టన్ అంటాడు. ఇది పొగడ్తలాగే వినిపిస్తుంది. కానీ అక్కడివారి పల్లెలనూ పంటలనూ చూస్తూనే, చోటుకు కొరత ఏమిటో తేల్చే హక్కు కథకుడు తన దగ్గర ఉంచుకున్నాడు. వర్ణనలో ఒక ఊహ ఇలా తీర్పుగా మారే చోటనే పాఠకుడు ఆగాలి.

ఇక్కడ కొత్తగా చదివేవారు చేసే పొరపాటు ఒకటుంది. శిఖరం కనిపించిన ప్రతి పేరానూ ఆధిపత్యమని ముద్ర వేసి మూసేస్తారు. బర్టన్ రచన అంత సులువుగా లొంగదు. తన నిరాశనూ, చనిపోయిన గాడిదనూ, తనకంటే ముందు నీటిని గుర్తించిన బాంబేనూ అతను దాచలేదు. అవి ఆ రాజసపు చూపుకు లోపలి నుంచే పడిన బీటలు. స్పీక్ కథనం ఇంకా ఎక్కువగా పనికొస్తుంది: అప్పటికి అతని కళ్లు దాదాపు కనిపించని స్థితి. తనకు తప్ప అందరికీ ఆ సరస్సు తన శోభతో కనిపించిందని అతను రాసుకున్నాడు. ఒకే కొండ, ఒకే రోజు, ఒకే ప్రయాణం. కళ్లు లేని చోట వర్ణన కూడా లేదు, దానితోపాటు తీర్పు కూడా రాలేదు. ప్రకృతి దానంతట అదే పలికినట్టు అనిపించే వాక్యాలు నిజానికి ఒక శరీరం మీద ఎంతగా ఆధారపడ్డాయో ఇలాంటి జత కథనాలు పట్టిస్తాయి.

అభ్యాసం: మీకు నచ్చిన యాత్రారచనలో కథకుడు ఎత్తు నుంచి చూసే ఒక పేరా ఎంచుకొని, దాన్ని బాంబే వంటి మార్గదర్శి నోట తిరగరాయండి. కొత్త విషయాలు కల్పించవద్దు, మూలంలో ఉన్నవే వాడండి. ఏ వాక్యాలు దాదాపు మార్పు లేకుండా నిలిచాయో, ఏవి ఆ నోటికి అసలు ఒప్పలేదో విడిగా రాసుకోండి. ఒప్పని వాక్యాల పక్కన, వాటిని నిలబెట్టిన క్రియను కూడా రాయండి. వచ్చే పాఠంలో స్థానికుల సంభాషణలను పరిశీలించేటప్పుడు ఈ జాబితాతోనే మొదలుపెడతాము.